ఊపిరి తీసేసిన నవల

తెలుగు ఆడియో పుస్తకాల మీద ఎక్కడైనా నాలుగు మాటలు రాస్తే అవి గొంతు గురించే ఉంటాయి. గొంతు బాగుంది, ఉచ్చారణ శుభ్రంగా ఉంది, పాత్రలకి తగ్గట్టు మార్చి చదివారు, లేదా మార్చకుండా చదివి మంచి పని చేశారు. ఇంతే. పుస్తకం ఎలా మాట్లాడిందో రాస్తారు గానీ ఎలా ఊరుకుందో ఎవరూ రాయరు. నిదానంగా చదివిన ఏడెనిమిది గంటల నవలలో గంటకి పైగా ఎవరూ మాట్లాడని సమయమే ఉంటుంది. కామా దగ్గరి చిన్న ఆగుడు, పేరా మారినప్పటి తెరిపి, అధ్యాయం అయ్యాక మిగిలే ఆ రెండు మూడు సెకన్లు, అన్నీ కలిపితే అంత అవుతుంది. ఆ గంటని మనవాళ్ళు చెత్త కింద లెక్కేసి ఊడ్చేస్తున్నారు. నా గొడవంతా దాని గురించే.

ఈ ఊడవడానికి వాళ్ళు పెట్టుకున్న పేరు 'క్లీన్ ఆడియో'. చీపుర్లు రెండు. ఒకటి గేట్. గొంతు ఫలానా మట్టం కన్నా తగ్గగానే ధ్వనిని మొత్తంగా మూసేసే తలుపు అది. మళ్ళీ మాట మొదలవగానే తెరుచుకుంటుంది. రెండోది ఆడాసిటీలో Truncate Silence అనే పేరుతో కనిపిస్తుంది, మిగతా సాఫ్ట్‌వేర్లలో వేరే పేర్లు. ఫలానా నిడివి దాటిన ప్రతి విరామాన్నీ అది ఒకే కొలతకి కత్తిరిస్తుంది. రెండూ కలిపి అరనిమిషం పని. ఆఫీసు మీటింగు రికార్డింగుకో, ఇద్దరు కుర్రాళ్ళు సినిమాల గురించి వాదించుకునే పాడ్‌కాస్టుకో వాడితే నాకేం అభ్యంతరం లేదు. నవలకి వాడితే ఏమవుతుందో ఒక వాక్యం మీద చూద్దాం. వాక్యం నాదే, ఇందాకే అల్లాను:

పొద్దున్నే లేచి, గొళ్ళెం తీసి, వాకిట్లోకి వచ్చి చూస్తే ముగ్గు లేదు.

కాస్త చదవడం వచ్చిన మనిషి దీన్ని ఎలా చదువుతారు? 'లేచి' దగ్గర పావు సెకను. 'తీసి' దగ్గర మరో పావు సెకను, బహుశా అక్కడే చిన్న ఊపిరి. 'చూస్తే' తర్వాత మాత్రం దాదాపు ఒక సెకను ఆగుతారు. ఎందుకంటే రోజూ ముగ్గు ఉండే వాకిట్లో ముగ్గు లేదంటే ఏమని అర్థమో చదివేవాళ్ళకి తెలుసు, వినేవాళ్ళకీ తెలుసు. ఆ ఒక్క సెకనులో వినేవాడి కడుపులో ఏదో కదలాలి. ఇప్పుడు అన్ని విరామాలనీ 0.3 సెకన్లకి కత్తిరించండి. 'ముగ్గు లేదు' అన్నది 'పాల ప్యాకెట్టు లేదు' అన్నట్టు వినపడుతుంది. పదాలన్నీ ఉన్నాయి, ఒక్క అక్షరం పోలేదు. చావు మాత్రం పోయింది.

తెలుగు వాక్యం కట్టుబాటే అలాంటిది. అసలు క్రియ చివర్లో వస్తుంది. దానికి ముందు లేచి, తీసి, వచ్చి అంటూ అసమాపక క్రియలు వరసగా నిలబడతాయి. వాటి మధ్య ఎక్కడ ఎంత ఆగాలో కామాలు చెప్పవు, చదివే మనిషి ఊపిరి చెబుతుంది. ఆ కొలతలన్నీ ఒకటే చేసేస్తే వినేవాడికి మిగిలేది క్రియల జాబితా.

గేట్ చేసే హాని ఇంకో రకం. మనది అజంత భాష, మాట అచ్చుతో ముగుస్తుంది. వాక్యం చివర గొంతు సహజంగా దిగుతుంది కాబట్టి ఆ చివరి అచ్చు చాలా నెమ్మదిగా, గాలిలో కలిసిపోతున్నట్టు వస్తుంది. 'వెళ్ళిపోయాడు' అన్నదాంట్లో చివరి ఉకారం ముందున్న అక్షరాల కన్నా ఎంతో తక్కువ మట్టంలో ఉంటుంది. గేట్‌కి అది మాటో గది చప్పుడో తెలియదు. తలుపు మూసేస్తుంది. మనకి 'వెళ్ళిపోయాడ్' అని వినపడుతుంది. ఇలాంటివి పేజీకి పది చొప్పున విన్నాక ఆ కథకుడు ప్రతి వాక్యం చివరా ఎవరితోనో విసుక్కుంటున్నాడనిపిస్తుంది. పాపం ఆయన విసుక్కోలేదు, సాఫ్ట్‌వేర్ విసుక్కుంది.

ఇదంతా ఊహించి రాస్తున్నది కాదు. నా స్నేహితురాలు ఒకామె పద్నాలుగు అధ్యాయాల నవల ఒకటి చదివారు. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంటు, రెండో పడకగది, బట్టల బీరువా తలుపులు తెరిచి దాని ముందు మైకు. (నవ్వకండి. వేలాడే చీరలు ప్రతిధ్వనిని బాగా మింగుతాయి.) మొత్తం ఏడు గంటల నలభై నిమిషాలు. ముడి ఫైళ్ళు నేను విన్నాను, ఎడిటింగులో కొంత చెయ్యి కూడా వేశాను. పుస్తకాన్ని విడుదల చేసిన సంస్థ పేరు ఇక్కడ అనవసరం. బయటికొచ్చిన పుస్తకం నిడివి మాత్రం ఆరు గంటల యాభై నిమిషాలు. ఒక్క పదమూ కోయలేదు. యాభై నిమిషాల ఊరుకోవడాన్ని కోసేశారు.

ఫోన్ చేసి అడిగితే అక్కడి ఎడిటర్ చాలా మర్యాదగానే మాట్లాడాడు. "సార్, డెడ్ ఎయిర్ తీసేశామండీ. నాయిస్ కూడా జీరో చేశాం. రిపోర్టులో అన్నీ పాసయ్యాయి, పంపమంటారా?"

పంపాడు. నిజమే, అన్నీ పాసయ్యాయి. ఆ పాసవడం వెనకున్న కథే ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నది. అందుకు లెక్క కొంచెం చెప్పాలి, ఓపిక పట్టండి.

ఆడియో పుస్తకాలకి ఎక్కువమంది పట్టుకునే కొలతలు అమెజాన్ వాళ్ళ ఏసీఎక్స్‌వి. అది ప్రధానంగా ఇంగ్లీషు పుస్తకాల వేదిక, అయినా నాకు తెలిసిన తెలుగు ఎడిటర్లు కూడా ఆ అంకెలనే పాటిస్తారు. మూడు అంకెలు. అధ్యాయం సగటు మట్టం, అంటే ఆర్‌ఎమ్‌ఎస్, మైనస్ 23కీ మైనస్ 18కీ మధ్య ఉండాలి. ఎంత గట్టిగా అరిచినా పీక్ మైనస్ 3 డెసిబెల్స్ దాటకూడదు. ఎవరూ మాట్లాడనప్పుడు వినపడే గది చప్పుడు మైనస్ 60కి మించకూడదు. ఇక్కడ సున్నా అంటే డిజిటల్ ఫైలు పట్టగలిగే గరిష్ఠం. అన్నీ దానికి కిందే కాబట్టి అన్నీ మైనస్‌లే.

మొదటి అంకె దగ్గరే చాలామంది తప్పుదారి పడతారు. అధ్యాయాలన్నిటినీ ఒకే మట్టానికి తేవాలంటే పీక్ చూసి నార్మలైజ్ చేస్తే సరిపోతుందనుకుంటారు. ఒక అధ్యాయం మొత్తం తల్లీకూతుళ్ళ గుసగుసలే అనుకోండి, మధ్యలో తండ్రి ఒక్కసారి అరుస్తాడు. ఆ అరుపు మైనస్ 3కి చేరగానే సాఫ్ట్‌వేర్ పని అయిపోయిందనుకుంటుంది. గుసగుసలు అక్కడే ఎక్కడో మైనస్ 28 దగ్గర పడి ఉంటాయి. తర్వాతి అధ్యాయంలో అరుపుల్లేవు, సమంగా సాగే కథనం. దాని పీక్ కూడా మైనస్ 3, సగటు మాత్రం మైనస్ 19. రిపోర్టులో రెండు పీకులూ ఒకటే. చెవిలో తొమ్మిది డెసిబెల్స్ తేడా. రాత్రి దీపం ఆర్పేసి వింటున్నవాడు మొదటి అధ్యాయానికి వాల్యూమ్ పెంచుకుంటాడు, రెండోది మొదలవగానే ఉలిక్కిపడి లేస్తాడు. చేయాల్సిందేమిటంటే ముందు సగటుని మైనస్ 20 దగ్గరికి తెచ్చి, అప్పుడు ఆ ఒక్క అరుపుని లిమిటర్‌తో పట్టుకోవాలి. ఆడాసిటీలో Loudness Normalization అనే దాంట్లో ఆర్‌ఎమ్‌ఎస్ ఎంచుకుంటే మొదటి పని, Limiter వాడితే రెండోది అయిపోతాయి. అరుపు కొంచెం అణుగుతుంది, నిజమే. అయినా అరుపులాగే ఉంటుంది, ఎందుకంటే అరుపుని అరుపు చేసేది మట్టం ఒక్కటే కాదు, గొంతు బిగువు కూడా.

సరే, సగటు సరిచేస్తే పనైపోయినట్టేనా? కాదు. మా నవలలో ఏడో అధ్యాయం సంగతి చూడండి.

మొదటి ఆరు అధ్యాయాలకి ఆమె మైకుకి ఒక జాన దూరంలో కూర్చున్నారు. ముడి ఫైళ్ళలో సగటు దాదాపు మైనస్ 24. గది చప్పుడు మైనస్ 66. ఏడో అధ్యాయం నాటికి ఇంట్లో కుర్చీ మారింది, కొత్త కుర్చీ వెనక్కి వాలుతుంది, మైకుకీ నోటికీ మధ్య దూరం రెండు జానలైంది. దూరం రెట్టింపైతే గొంతు సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది. సగటు మైనస్ 30 అయింది. గది మాత్రం గదే కదా, అది ఎక్కడికీ జరగలేదు, మైనస్ 66లోనే ఉంది. ఇప్పుడు అన్నిటినీ మైనస్ 20కి తెద్దాం. ఆరో అధ్యాయానికి 4 డెసిబెల్స్ కలపాలి. దాంతో గది చప్పుడు కూడా 4 పెరిగి మైనస్ 62 అవుతుంది. ఏడోదానికి 10 కలపాలి. గది మైనస్ 56 అవుతుంది.

అంటే గొంతుల మట్టాలు కలిశాయి, గదులు విడిపోయాయి. ఆరో అధ్యాయం ముగిసి ఏడోది మొదలవగానే కథకురాలు అదే గొంతుతో వేరే ఇంట్లోకి మారినట్టు ఉంటుంది. పైగా దూరంగా కూర్చుంటే గోడల ప్రతిధ్వని పాలు పెరుగుతుంది, దగ్గరి మైకులో వచ్చే ఆ నిండు మంద్రం తగ్గుతుంది. ఇవి వాల్యూమ్ మీటలతో సరయ్యేవి కావు. దీనికి మందు ఒకటే, కుర్చీ జరిపి అధ్యాయం మళ్ళీ చదవడం. మళ్ళీ చదవమని ఆ సంస్థ ఆమెని అడగలేదు. మైనస్ 56 అంటే మూడో పరీక్ష ఫెయిల్. కాబట్టి గేట్ వేశారు. మాటల మధ్య చప్పుడు సున్నా అయింది, రిపోర్టు పాసైంది.

కానీ చప్పుడు ఎక్కడికి పోతుంది? మాటలు వస్తున్నప్పుడు గేట్ తెరిచే ఉంటుంది, మాట కింద ఆ మైనస్ 56 గది అలాగే ఉంటుంది. మాట ఆగగానే మాయమవుతుంది. మళ్ళీ మాట, మళ్ళీ గది. ప్రతి వాక్యంతో పాటూ ఒక సన్నటి హోరు పుట్టి, వాక్యంతో పాటే చస్తుంది. ఇది నిరంతరం వినపడే హోరు కన్నా వెయ్యి రెట్లు హింస. చెవి స్వభావమే అంత. ఫ్యాను రోజంతా తిరుగుతుంటే వినపడదు, కరెంటు పోయి ఆగిన క్షణంలో వినపడుతుంది. మన చెవి పట్టుకునేది చప్పుడుని కాదు, చప్పుడులో మార్పుని. ఉన్న ఒక్క చప్పుడునీ వేల మార్పులుగా ముక్కలు చేసి, దానికి 'క్లీన్' అని పేరు పెట్టారు.

(పరీక్ష పాసవడం కోసం మాత్రమే కోడ్ రాసే జబ్బు మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకీ ఉంది. పరీక్ష ఎందుకు పెట్టారో మర్చిపోవడం ఆ జబ్బు మొదటి లక్షణం. మైనస్ 60 అనే గీత వినేవాడికి గది అడ్డురాకూడదని పెట్టింది, గదిని చంపమని కాదు. అదే ఏసీఎక్స్ ప్రతి ఫైలు మొదట్లోనూ చివరా కాస్త రూమ్ టోన్ ఉంచమని అడుగుతుంది. సైలెన్స్ అనలేదు, రూమ్ టోన్ అంది.)

రూమ్ టోన్ అంటే ఏమిటో సినిమా సౌండ్ వాళ్ళని అడిగితే చెబుతారు. లొకేషన్‌లో షాట్ అయ్యాక అందర్నీ ఉన్నచోటే కదలకుండా నిలబెట్టి, ఓ అరనిమిషం ఆ చోటుని ఊరికే రికార్డ్ చేసుకుంటారు. తర్వాత డైలాగుల మధ్య కోతలు పడిన చోట ఆ ముక్కలు అతుకుతారు. పుస్తకానికీ అంతే. చదవడానికి కూర్చున్న ప్రతిసారీ, మొదలుపెట్టే ముందు, అదే కుర్చీలో, అదే మైకు దూరంలో, పుస్తకం చేతిలో పట్టుకునే ఒక నిమిషం ఊరుకోవాలి. మైకు మట్టం మార్చకూడదు. మనిషి లేచి బయటికి వెళ్ళకూడదు కూడా, ఎందుకంటే మనిషి ఒళ్ళూ బట్టలూ కూడా గది ధ్వనిలో భాగమే. నోరు కాస్త తెరిచి మెల్లగా ఊపిరి తీసుకుంటే ముక్కు చప్పుడు పడదు. ఆ నిమిషంలో శుభ్రంగా ఉన్న పదిహేను ఇరవై సెకన్లు దొరికితే చాలు, తేదీ వేసి దాచుకోవాలి.

తేదీ ఎందుకంటే మన ఇళ్ళల్లో గది రోజుకో రకం. పొద్దున ఆరింటికి ఒక గది, మధ్యాహ్నం పక్కింటి బోరు మోటారు వేశాక ఇంకో గది. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి మారితే ఆ గుయ్యిమనే చప్పుడుతో మూడో గది. పేరా మధ్యలో ఇన్వర్టర్ అందుకుంటే ఆ పేరా మొదటికి వెళ్ళి మళ్ళీ చదవడం తప్ప మార్గం లేదు, లేదా కరెంటు వచ్చేదాకా ఆగాలి. జనవరిలో తీసిన టోన్ తెచ్చి ఏప్రిల్ అధ్యాయంలో అతికితే అది కూడా కొత్త చప్పుడే అవుతుంది. ఇంకో ప్రమాదం, రెండు సెకన్ల ముక్క తీసుకుని పదిసార్లు కాపీ చేయడం. అందులో దూరంగా ఒక పిచ్చుక అరుపుంటే ఆ పిచ్చుక గడియారంలా రెండేసి సెకన్లకి అరుస్తూనే ఉంటుంది. పొడవాటి ముక్క తీసుకుని, అతుకుల దగ్గర క్రాస్‌ఫేడ్ చేయాలి. ముఖ్యమైన సంగతి ఇంకోటి, గొంతుకి ఎన్ని డెసిబెల్స్ కలిపితే టోన్‌కీ అన్నే కలపాలి, గొంతుకి ఏ ఫిల్టరు వేస్తే టోన్‌కీ అదే వేయాలి. అందుకే అతుకు పని ముందు, మట్టాల పని తర్వాత.

కుదిరిందో లేదో తెలుసుకోవడానికి నేను చేసే పని ఇది. ఒక అధ్యాయం చివరి ఐదు సెకన్లనీ, తర్వాతి అధ్యాయం మొదటి ఐదు సెకన్లనీ పక్కపక్కన పెట్టి, హెడ్‌ఫోన్స్‌లో మామూలు కన్నా కాస్త పెంచి, కళ్ళు మూసుకుని వినడం. అతుకు ఎక్కడుందో చెవి చెప్పగలిగితే కుదరనట్టే. పద్నాలుగు అధ్యాయాలకి పదమూడు అతుకులు, పావుగంట కూడా పట్టదు. గేట్ వేసి గదిని చంపారా అన్న అనుమానం ఉంటే చెవి కూడా అక్కర్లేదు, ఈ ఒక్క కమాండ్ చాలు:

```
ffmpeg -i 07.wav -af astats -f null -
```

ఇది చాలా అంకెలు చూపిస్తుంది. `RMS level dB` సగటు, `Peak level dB` గరిష్ఠం. `RMS trough dB` అనేది ఫైలులో అన్నిటికన్నా నిశ్శబ్దమైన చోటు. అది మైనస్ 60 నుంచి 70 మధ్య ఉంటే అక్కడ ఒక గది ఉంది, అందులో మనిషి కూర్చుని చదివారు. మైనస్ 90 కూడా దాటి ఇంకా లోతుకి వెళ్ళిందంటే అది భూమ్మీద ఏ పడకగదీ కాదు, ఎవరో మధ్యలో సున్నాలు పోశారు. నాకు పంపిన ఏడో అధ్యాయంలో అది మైనస్ వంద దాటింది.

ఇక ఊపిరి సంగతి. అన్నిటికన్నా ఎక్కువ అన్యాయం దీనికే జరుగుతోంది. ఊపిరి చప్పుడంటే ఎడిటర్లకి ఎందుకో సిగ్గు, కథకుడు మనిషని దొరికిపోతామేమో అన్నట్టు. నేను ఊపిరులన్నీ ఉంచమనడం లేదు. తీసేయాల్సినవి కచ్చితంగా ఉన్నాయి, అవి ఎక్కువగా అధ్యాయాల అంచుల్లో ఉంటాయి. 'ఎనిమిది' అని అధ్యాయం పేరు చదివే ముందు ఎవరైనా గుండెల నిండా గాలి పీల్చుకుంటారు. దాన్ని ఉంచితే ప్రతి అధ్యాయమూ ఎవరో నీళ్ళలోంచి పైకి తేలినట్టు మొదలవుతుంది. అది పోవాలి. ఆఖరి వాక్యం అయ్యాక హమ్మయ్య అని వదిలే నిట్టూర్పు, కుర్చీ కిర్రుమనడం, పేజీ తిప్పిన చప్పుడు, ఇవీ పోవాలి. విషాదంగా ముగిసిన అధ్యాయం తర్వాత ఆ హమ్మయ్య వినపడితే ఎంత అపచారమో వేరే చెప్పక్కర్లేదు.

కానీ పోవడం అంటే ఆ చోటుని మూసేయడం కాదు. ఊపిరి ఎంతసేపు ఉందో అంతసేపు రూమ్ టోన్ అక్కడ పరవాలి. ఆఖరి మాట చివరి అచ్చు గదిలో కరిగిపోవడానికి ఓ అర సెకను వదిలి, ఆ తర్వాతే అతుకు వేయాలి. మేము ఫైలు మొదట్లో ముప్పావు సెకను, అధ్యాయం పేరు తర్వాత రెండు సెకన్లు, చివర మూడు సెకన్లు పెట్టుకున్నాం. అన్ని అధ్యాయాలకీ ఒకటే లెక్క, అన్నీ గదితో నిండినవే.

అధ్యాయం లోపలి ఊపిరులు వేరు. అవి వాక్యంలో భాగం. పొడుగు వాక్యం మొదలయ్యే ముందు పీల్చిన గాలి వినేవాడికి ముందే చెబుతుంది, పెద్దది రాబోతోంది, సిద్ధంగా ఉండమని. కోపంలో పాత్ర మాట్లాడే ముందు వచ్చే పొట్టి ఊపిరి, ఉత్తరం చదువుతూ తడబడ్డ పాత్ర మధ్యలో మింగిన ఊపిరి, ఇవి నటన. వీటిని కోసేసి మాటలు దగ్గరికి జరిపితే వినేవాడికి ఆయాసం వస్తుంది. ఎదుటి మనిషి ఊపిరి తీసుకోకుండా అరగంట మాట్లాడుతుంటే మనకే గాలి ఆడదు కదా, అది. మరీ గట్టిగా పడిన ఊపిరి ఉంటే దాన్ని ఒక్కదాన్నే ఎంచుకుని ఏడెనిమిది డెసిబెల్స్ తగ్గిస్తే చాలు, వెనక్కి వెళ్ళి కూర్చుంటుంది. సగంలో మాత్రం కోయకూడదు, సగం కోసిన ఊపిరి ఎక్కిళ్ళలా వినపడుతుంది. ఊపిరులు ఎందుకంత పెద్దగా వినపడుతున్నాయో కూడా ఒకసారి చూసుకోవాలి. చాలాసార్లు కథకుడి తప్పు కాదు, ఎడిటరే కంప్రెసర్ బాగా బిగించి ఉంటాడు. అది పెద్ద చప్పుళ్ళని అణిచి మొత్తాన్నీ పైకి లేపుతుంది, దాంతో ఊపిరులు మాటల పక్కకి వచ్చి నిలబడతాయి. తనే పైకి లేపి, తనే తల నరుకుతాడు.

నేనిలా అంటే వచ్చే జవాబులు నాకు తెలుసు. ఆ ఎడిటర్ కూడా అన్నాడు: "బస్సులో వింటారండీ జనం, ఎవరికి వినపడతాయి అవన్నీ?" బస్సులో గది చప్పుడు వినపడదు, ఒప్పుకుంటాను. కానీ విరామం బస్సులోనూ వినపడుతుంది. 'చూస్తే' తర్వాత సెకను ఉందో లేదో మెహదీపట్నం ట్రాఫిక్‌లో కూడా తెలుస్తుంది. పైగా ఇయర్‌ఫోన్లు చెవిలో దూరాక కథకుడికీ మనకీ మధ్య దూరం లేదు.

ఇంకో జవాబు కాస్త బలమైనది. ఇప్పటి పిల్లలు ఒకటిన్నర రెట్ల వేగంతో వింటారు, విరామాలు వాళ్ళకి విసుగు అని. విననివ్వండి. విరామాల్ని వినేటప్పుడే కుదించే సదుపాయం కొన్ని పాడ్‌కాస్ట్ యాప్‌లలో ఎప్పట్నుంచో ఉంది, ఓవర్‌కాస్ట్‌లో దాన్ని Smart Speed అంటారు. అది వినేవాడి ఇష్టం, కావాలంటే నొక్కుతాడు. కాని ఫైలులోంచే విరామాన్ని కోసేశాక, నిదానంగా వినాలనుకున్నవాడికి ఏ బటన్ నొక్కితే తిరిగొస్తుంది? ఉన్నదాన్ని తీసుకోవడం శ్రోత చేతిలో ఉంది, లేనిదాన్ని పెట్టుకోవడం లేదు. ఒకరి తొందర కోసం అందరి పుస్తకాన్నీ కోయడం ఏం న్యాయం?

డబ్బు సంగతి మాత్రం నిజమైన ఇబ్బందే. అరగంట అధ్యాయాన్ని చెవితో వింటూ ఊపిరులు చూసి, టోన్ పరిచి, అంచులు సరిచేయడానికి నాకు గంటన్నర పడుతుంది. రెండు చీపుర్లతో అయితే అరనిమిషం. గంట ఆడియోకి ఇంత అని బేరం కుదుర్చుకున్న ఎడిటర్ దగ్గర ఆ గంటన్నర ఉండదు. అందుకే నా గొడవ అతనితో కాదు, ఆ బేరం కుదిర్చినవాళ్ళతో. కవర్ బొమ్మకి డబ్బు పెడతారు, ప్రతి అధ్యాయం మొదట్లో వీణ బిట్ వేయడానికి డబ్బు పెడతారు. (ఆ వీణ గురించి ఇంకోసారి.) మధ్యలో ఉండే గంట నిశ్శబ్దానికి మాత్రం పైసా పెట్టరు. మరీ డబ్బు లేదంటే, ఏమీ చేయకండి. కుర్చీ జరపకుండా చదివి, సగటు సరిచేసి, అంచులు రెండూ కత్తిరించి, మిగతాది అలాగే వదిలేయండి. గది కాస్త వినపడుతుంది, ఊపిరి వినపడుతుంది. పది నిమిషాల్లో చెవి అలవాటు పడుతుంది. గేట్ వేసిన పుస్తకానికి పది గంటలైనా అలవాటు పడదు.

ఒక్క షరతు మాత్రం రచయితలూ, వాళ్ళ వారసులూ, చదివేవాళ్ళూ ఒప్పందంలో రాయించుకోవాలి. ముడి ఫైళ్ళు ఎవరి దగ్గరైనా ఉండాలి. కోసేసిన విరామం ఎమ్‌పీ3లోంచి తిరిగి రాదు. మా నవల ముడి ఫైళ్ళు మూడున్నర గిగాబైట్లకి కాస్త ఎక్కువ, పాత పెన్ డ్రైవులో పట్టేశాయి. ఏడో అధ్యాయం ఆమె మళ్ళీ జాన దూరంలో కూర్చుని చదివారు, మైనస్ 62 గదితో, 'లు'లూ 'డు'లూ అన్నీ పూర్తిగా వినపడేలా. పద్నాలుగు ఫైళ్ళూ విరామాలతో సహా ఆ సంస్థకి పంపి నాలుగు నెలలవుతోంది. యాప్‌లో నిడివి ఇవాళ్టికీ ఆరు గంటల యాభై నిమిషాలే చూపిస్తోంది.